నల్ల డ్రెస్ మీద ఒకే ఒక్క రంగు: చున్నీకా, కమ్మలకా, బ్యాగుకా?

మా వదిన రోజూ ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగుతుంది. పోయిన నెల ఒక శుక్రవారం ఆఫీసు అయ్యాక అటునుంచి అటే కొలీగ్ పెళ్ళి రిసెప్షన్‌కి వెళ్ళాల్సి వచ్చింది. ఇంటికొచ్చి బట్టలు మార్చుకునే టైం లేదు. బీరువాలో ఒక నల్ల కాటన్ కుర్తా, నల్ల ప్యాంటు ఉన్నాయి. ఏ పువ్వూ, ఏ అంచూ లేని సాదా నలుపు. "దీని మీద ఏదైనా ఒక్క రంగు పడితే చాలు. రెండు వేలు పెడతాను. చున్నీ కొననా, కమ్మలు కొననా, బ్యాగు కొననా?" అని ఫోన్ చేసింది.

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. మూడూ కొంటే మూడు చోట్ల రంగు పడి నలుపు అందం పోతుంది. ఒకటి కొనాలంటే ఏదో తేలదు. ఎవరైనా ముందు "ఏ రంగు బాగుంటుంది" అని మొదలుపెడతారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది, ఆ రంగు మీ ఒంటి మీద ఎక్కడ ఉంటుంది, ఎంతసేపు ఉంటుంది అన్నది. ముఖానికి దగ్గరగా ఉందా, దూరంగా ఉందా? మీరు కూర్చున్నా కనిపిస్తుందా, నిలబడితేనే కనిపిస్తుందా? మీరు వెళ్ళే చోట వెలుతురు ఎలాంటిది? ఈ మూడూ తేలితే చున్నీయా, కమ్మలా, బ్యాగా అన్నది దాదాపు తేలిపోయినట్టే.

ముందు మీ నలుపు ఎలాంటిదో చూడండి

కొత్తగా కొన్నప్పుడు అన్ని నల్ల బట్టలూ ఒకేలా ఉంటాయి. పది ఉతుకులు అయ్యాక ఏ నలుపుకి ఆ నలుపు. కాటన్, రేయాన్ నలుపులు కొన్ని గోధుమ ఛాయకి దిగుతాయి, కొన్ని బూడిద నీలానికి, కొన్ని కాస్త ఆకుపచ్చకి. బోరు నీళ్ళలో ఉతికితే ఆ ఉప్పు పైన తెల్లటి పొరలా కూర్చుని, రంగు పోకపోయినా పోయినట్టే కనిపిస్తుంది. దీన్ని ట్యూబ్‌లైట్ కింద కనిపెట్టలేరు. పగలు పది, పదకొండు గంటలప్పుడు కిటికీ దగ్గర కుర్తా పరిచి, పక్కన కొత్త నల్ల గొడుగో, ఇంకా ఉతకని నల్ల బట్టో పెట్టి చూడండి. అప్పుడు ఛాయ తెలిసిపోతుంది.

గోధుమ వైపు దిగిన నలుపు పక్కన ఆవపసుపు, ఎరుపు, ఇటుక రంగు బాగా అతుకుతాయి. అదే కుర్తా మీద ముదురు నీలం వేస్తే కుర్తా పాతదని అందరికీ చెప్పినట్టే. బూడిద నీలంలోకి దిగిన నలుపుకి రాణీ పింక్, నెమలికంఠం రంగు, తెలుపు నప్పుతాయి.

ఇంకో సంగతి. పైన కుర్తా, కింద ప్యాంటు వేర్వేరుగా కొన్నవైతే రెండు నలుపులూ కలవవు. కుర్తా వారానికి రెండుసార్లు ఉతుకుతాం, ప్యాంటు ఒకసారే ఉతుకుతాం, ఏడాదికి తేడా వచ్చేస్తుంది. పొడవాటి చున్నీ ఒక పక్కగా మోకాలి దాకా జారితే ఆ తేడాని కప్పేస్తుంది. కమ్మలూ, బ్యాగూ ఆ పని చేయలేవు. పైగా బ్యాగు సరిగ్గా ఆ రెండు నలుపులు కలిసే చోటే, తుంటి దగ్గరే, వేలాడి కళ్ళని అక్కడికే లాగుతుంది. మీ జత ఇలా ఉంటే మిగతా లెక్కలు అక్కర్లేదు, చున్నీకే వెళ్ళండి.

ఏ రంగు నిలబడుతుంది

నలుపు మీద ఏ రంగైనా బాగుంటుందని అంటారు. బాగుండటం వేరు, కనిపించడం వేరు. మెరూన్, బాటిల్ గ్రీన్, నేవీ బ్లూ షాపులో నలుపు పక్కన ఎంతో గంభీరంగా ఉంటాయి. సాయంత్రం ఫంక్షన్ హాల్లో నాలుగడుగుల దూరం నుంచి చూస్తే అవీ నలుపే. డబ్బు పెట్టి కొన్న రంగు ఎవరికీ కనపడదు.

దీనికి ఫోన్ చాలు. కుర్తా పైన చున్నీ గానీ కమ్మ గానీ పెట్టి ఫొటో తీయండి. ఎడిట్‌లోకి వెళ్ళి ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చేయండి. ఆ వస్తువు కుర్తాలో కలిసిపోతే రాత్రి వెలుతురులో కూడా అంతే కలిసిపోతుంది. లేత బూడిదగానో తెల్లగానో విడిగా తేలితే నిలబడుతుంది. ఆవపసుపు, చిలకపచ్చ, నెమలికంఠంలో లేత ఛాయలు, దంతం రంగు ఈ పరీక్ష సులువుగా దాటేస్తాయి. కుంకుమ ఎరుపు కొంచెం తగ్గుతుంది గానీ పగటి వెలుతురులో దాని బలం దానికుంది.

హాల్లో వెలుతురు పసుపుగా ఉంటుందని తెలిస్తే నీలాల జోలికి వెళ్ళకండి. పసుపు వెలుతురులో నీలం పాలు తక్కువ కాబట్టి ఎంత మంచి నీలమైనా అక్కడ మసకబారుతుంది. ఎరుపు, నారింజ, ఆవపసుపు అదే వెలుతురులో ఇంకా వెలుగుతాయి. తెల్లటి ఎల్ఈడీ లైట్ల ఆఫీసులో దీనికి తిరగేసి, నీలాలు, ఆకుపచ్చలు చక్కగా తేలుతాయి.

మన ఆడవాళ్ళకి ఇంకో లెక్క ఉంది. డ్రెస్ నల్లగా ఉన్నా ఒంటి మీద ముందే కొన్ని రంగులు ఉంటాయి. మెడలో నల్లపూసలు, వాటి బంగారం. నుదుటిన బొట్టు. జడలో ఒక మూర కనకాంబరాలు పెట్టుకుంటే అది అచ్చంగా ఒక నారింజ రంగు, ఇంక వేరే రంగు కొననక్కర్లేదు! బంగారం తీయలేం కాబట్టి దాంతో పొసిగే రంగే ఎంచుకోవాలి. ఎరుపు, చిలకపచ్చ, రాణీ పింక్ బంగారంతో కలిసిపోతాయి. లేత నీలం వెండితో ఉన్నప్పుడు కనిపించే అందం బంగారంతో కనపడదు. బొట్టు మాత్రం మార్చుకోవచ్చు. నెమలికంఠం చున్నీ వేసి ఎర్ర బొట్టు పెట్టుకుంటే రెండు రంగులయ్యాయి, చిన్న నల్ల బొట్టు పెట్టుకుంటే ఒక్కటే మిగిలింది. అద్దంలో ఈ తేడా చూస్తే గానీ నమ్మరు.

మూడింటినీ పక్కపక్కన పెడితే

| చూడాల్సింది | చున్నీ, స్కార్ఫ్ | కమ్మలు, గాజులు, దండ | బ్యాగు |
|---|---|---|---|
| ముఖానికి ఎంత దగ్గర | మెడ చుట్టూ, రంగు ముఖం మీద పడుతుంది | కమ్మలు బాగా దగ్గర, గాజులు దూరం | దూరం |
| ఎంతసేపు కనిపిస్తుంది | ఒంటి మీద ఉన్నంతసేపు | రోజంతా | చేతిలో ఉన్నంతసేపే |
| కూర్చున్నప్పుడు | పైభాగం కనిపిస్తుంది | పూర్తిగా కనిపిస్తుంది | కనపడదు |
| ఎంత మేర రంగు | చాలా | చాలా కొద్దిగా | మధ్యస్తం |
| ఎక్కడ ఇబ్బంది | టూవీలర్, ఎస్కలేటర్, వంటగది | చెవికి బరువు, దురద | నలుపు అంటుకోవడం, పొట్టు లేవడం |
| వేరే బట్టల మీద వాడకం | కొన్నిటి మీదే | చాలావాటి మీద | దాదాపు అన్నిటి మీద |

చున్నీ: ఎక్కువ రంగు, ఎక్కువ పని

చున్నీ రెండుంపావు నుంచి రెండున్నర మీటర్ల పొడవు, సుమారు మీటరు వెడల్పు ఉండే బట్ట. ఇంత రంగు నలుపు మీద పడితే డ్రెస్ స్వభావమే మారిపోతుంది. మెడకి ఆనుకుని ఉంటుంది కాబట్టి ఆ రంగు నీడ గడ్డం కింద, బుగ్గల మీద పడుతుంది. నలుపు ఒక్కటే వేసుకుంటే ముఖం వాడినట్టు ఉంటుందనే వాళ్ళకి కమ్మల కంటే, బ్యాగు కంటే చున్నీ ఎక్కువ చేసి పెడుతుంది. అయితే ముఖానికి నప్పని రంగైతే అదే నీడ ఎదురు తిరుగుతుంది. చున్నీ రంగు మీకు నప్పి తీరాలి. బ్యాగు రంగుకి ఆ పట్టింపు లేదు.

మన దగ్గర దొరికే చున్నీల్లో మూడు రకాల గురించి చెబుతాను.

మొదటిది మంగళగిరి కాటన్. ఒకటే రంగు, సన్నని జరీ అంచు. ఒక్క రంగు చాలు అనుకునేవాళ్ళకి ఇంతకంటే శుభ్రమైన దారి లేదు. నేత గట్టిది, కాస్త గంజి పెడితే భుజం మీద నిలుస్తుంది, పిన్ను పెడితే సాయంత్రం దాకా జారదు. జరీ అంచు మెడ వైపు రాకుండా మడిచి వేసుకోవాలి, చెమట పట్టినప్పుడు గుచ్చుతుంది.

రెండోది కలంకారీ. పెడనలో అచ్చులతో అద్దేది. నాకు చాలా ఇష్టమైన బట్ట, కానీ ఈ పనికి నేను చెప్పను. అందులో ఎరుపు, నలుపు, ఆవపసుపు, నీలం అన్నీ ఉంటాయి, అన్నీ మట్టి ఛాయల్లో ఉంటాయి. నలుపు మీద వేస్తే దగ్గరగా చూసేవాళ్ళకి ముచ్చటగా ఉంటుంది, దూరానికి ఏ రంగూ విడిగా తేలదు. ఒక్క రంగు అన్న మాట అక్కడ నిలవదు. తీసుకోవాలనే ఉంటే నేల దంతం రంగులో ఉండి, ఎర్ర పువ్వులు దూరదూరంగా ఉన్నది ఏరుకోండి.

మూడోది తేలియా. నల్ల డ్రెస్ కోసమే పుట్టిందా అనిపిస్తుంది నాకు. ఇందులో ఉండే రంగులు మూడే: ఎరుపు, నలుపు, తెలుపు. నేసే ముందు నూలుని నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీళ్ళలోనూ రోజుల తరబడి నానబెట్టి ఆరబెడతారు. హిందీలో తేల్ అంటే నూనె, అందుకే ఆ పేరు. ఒకప్పుడు చీరాల దీనికి పేరుపడ్డ చోటు, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాక. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చున్నీలో ఉన్న నలుపు మీ కుర్తా నలుపుతో కలిసిపోతుంది, తెలుపు గీతలా నిలుస్తుంది, చివరికి కంటికి తగిలేది ఎరుపు ఒక్కటే. మూడు రంగులున్నా ఒక్క రంగులా పనిచేసే బట్ట ఇది. కొత్తదానికి నూనె వాసన ఉంటుంది, ఒక రోజు నీడలో గాలికి ఆరేస్తే తగ్గుతుంది. నిలువు దారాలకీ, అడ్డు దారాలకీ ముందే రంగు అద్ది నేసే అసలైన ఇక్కత్ ఖరీదు ఎక్కువ. ముందూ వెనకా తిప్పి చూడండి, డిజైన్ రెండు వైపులా ఒకేలా, అంచులు కాస్త చెదిరినట్టు ఉంటే అది నేతలో వచ్చింది. వెనక వైపు వెలిసినట్టు ఉంటే అది ప్రింట్. ప్రింట్ కొనడం తప్పేం కాదు, ప్రింట్ ధరకి కొనండి, అంతే.

షిఫాన్ చున్నీలు తేలిక, చవక. కానీ పలచన కాబట్టి కింద నలుపు పైకి కనపడి రంగు ఒక మెట్టు దిగిపోతుంది. షాపులో తెల్ల టేబుల్ మీద పరిచిన లేత గులాబీ ఇంటికి తెచ్చి నల్ల కుర్తా మీద వేస్తే ఊదా బూడిద అయింది, నాకే జరిగింది. పలచటి చున్నీ ఏదైనా నల్ల బట్ట మీద వేసి చూశాకే డబ్బులివ్వండి. బాంధనీ ఎరుపు కొంటే మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా ఉతకండి. దిగిన రంగు నల్ల కుర్తా మీద కనపడదు గానీ చెమటకి మెడ మీద కనిపిస్తుంది.

చున్నీతో అసలు కష్టం రంగులో లేదు, కదలికలో ఉంది. టూవీలర్ వెనక కూర్చునేవాళ్ళ చున్నీ చక్రంలో పడి జరిగిన ప్రమాదాలు మనందరం వింటూనే ఉన్నాం. రోజూ బండి మీద తిరిగేవాళ్ళు దారిలో చున్నీని మడిచి బ్యాగులో పెట్టుకోవాలి, లేదా వేరే దారి చూసుకోవాలి. మెట్రో ఎస్కలేటర్ మీద కూడా కొంగు చేతిలో ఉండాలి. ఇంత పట్టించుకునే ఓపిక లేని రోజులకి చున్నీ సరిపడదు.

స్కార్ఫ్ ఆ కష్టాన్ని సగానికి తగ్గిస్తుంది. చిన్నది, మెడ చుట్టూ ఒక ముడి వేస్తే కదలదు. నల్ల షర్టు, నల్ల ప్యాంటు వేసుకునేవాళ్ళకి చున్నీ కుదరదు కాబట్టి స్కార్ఫే సరి. కానీ ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలో మెడకి ఏదీ చుట్టుకోలేం. చలి దేశాల్లో ఉన్న మన వాళ్ళకి స్కార్ఫ్ నాలుగైదు నెలలు పనికొస్తుంది, నల్ల కోటు మీద ఆవపసుపు ఉన్ని స్కార్ఫ్ చాలా బాగుంటుంది. లోపలికి వెళ్ళగానే కోటుతో పాటు స్కార్ఫూ తీసేస్తారు కాబట్టి రంగు కూడా హ్యాంగర్‌కే వెళ్ళిపోతుంది. ఇండోర్ పార్టీ అయితే కమ్మలు చూసుకోండి. ఉన్ని స్కార్ఫ్ నూగు నలుపు మీద తెల్లగా కనిపిస్తుంది, కొత్తదాన్ని ఒకసారి గట్టిగా దులిపి వాడండి.

కమ్మలు, గాజులు, దండ: కొద్ది రంగు, రోజంతా

ఆఫీసులో రోజంతా కుర్చీలో కూర్చుని, వీడియో కాల్స్‌లో ఉండేవాళ్ళని ఎదుటివాళ్ళు చూసేది భుజాల నుంచి పైకే. అక్కడ కమ్మలే రాజ్యం చేస్తాయి. ఒక జత ఎర్ర బుట్టలు, లేదా చిలకపచ్చ రాళ్ళ కమ్మలు, నల్ల కుర్తా పైన ముఖానికి రెండు పక్కలా రెండు దీపాలు పెట్టినట్టుంటాయి. చున్నీలో వందో వంతు రంగు కూడా ఉండదు. అయినా సరిపోతుంది, ఎందుకంటే మాట్లాడేవాళ్ళ చూపు ముఖం మీదే ఉంటుంది.

కొద్ది రంగే కాబట్టి అది గట్టి రంగై ఉండాలి. ఇక్కడే ఎక్కువమంది పొరపడేది ఆక్సిడైజ్డ్ వెండి నగల దగ్గర. నల్ల డ్రెస్ మీద ఆక్సిడైజ్డ్ వేయడం అందరికీ అలవాటైపోయింది. ఆ నగల అందం గాడుల్లో ఉన్న నలుపులో, పైన ఉన్న మెరుపులో ఉంటుంది. తెల్ల కుర్తా మీద ఆ పనితనం అంతా కనిపిస్తుంది. నల్ల కుర్తా మీద గాడులన్నీ బట్టలో కలిసిపోయి, ముక్కలు ముక్కలుగా మెరుపు మాత్రమే మిగులుతుంది. ఆక్సిడైజ్డే కావాలంటే మధ్యలో పెద్ద రంగు రాయి ఉన్నది తీసుకోండి, అప్పుడు పని చేసేది ఆ రాయి.

బరువు చూసుకోవాలి. షాపులో పది నిమిషాలు పెట్టుకున్నప్పుడు తెలియదు. నాకు ఒక్కో కమ్మ ఎనిమిది గ్రాములు దాటితే మధ్యాహ్నానికి చెవి లాగుతుంది. సిల్క్ థ్రెడ్ చుట్టినవి, గుడ్డతో చేసినవి తేలిక, ఏ రంగులో కావాలంటే ఆ రంగులో దొరుకుతాయి, పెద్దగా ఉన్నా బరువు ఉండవు. చవక లోహపు కొక్కేల్లో నికెల్ ఉంటే కొందరికి చెవి ఎర్రబడి దురద పెడుతుంది. అలాంటివాళ్ళు కమ్మ నచ్చితే కొక్కెం మాత్రం వెండిది వేయించుకోవచ్చు, కంసాలి దగ్గర చిన్న పని.

గాజులు చేతులు ముప్పావు దాకా ఉన్న కుర్తాకే కనిపిస్తాయి. ఫుల్ హ్యాండ్స్ అయితే సగం లోపలికి దూరిపోతాయి. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో దొరికే లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకటే రంగు లక్క మీద అద్దాలు, రాళ్ళు పొదిగిన ఒక జత ఒక చేతికి వేసుకుంటే నల్ల డ్రెస్‌కి చాలు. సాయంత్రం పసుపు లైట్లలో ఆ అద్దాలు వెలుగుని విరజిమ్ముతుంటే వేరే నగ అక్కర్లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి, లక్క వేడికి మెత్తబడుతుంది. ఎండలో ఆపిన కారులో, పొయ్యి పక్కన పెట్టకండి, రాళ్ళు ఊడతాయి. కీబోర్డు మీద రోజంతా పనిచేసేవాళ్ళకి గాజులు టేబుల్‌కి తగులుతూ విసుగు పుట్టిస్తాయి.

దండ విషయంలో కుర్తా మెడ చూడండి. మూసినట్టున్న గుండ్రటి మెడ మీద పొడవాటి పగడాల దండ నిలువునా ఎర్ర గీతలా దిగుతుంది, పొట్టిగా ఉన్నవాళ్ళకి అది బాగా నప్పుతుంది. వి మెడకి పొట్టి దండ సరిపోతుంది. అయితే మెడలో నల్లపూసలు, ఆఫీసు ఐడీ కార్డు తాడు ముందే ఉంటే మూడోది వేయకండి. ముఖ్యంగా ఆ ఐడీ తాడు నీలమో, ఆరెంజో అయితే మీరు అడగకుండానే ఒక రంగు వచ్చి కూర్చున్నట్టు. అలాంటి రోజుల్లో కమ్మలు తాడు రంగులోనే పెట్టుకుంటే అది కావాలని వేసుకున్నట్టు ఉంటుంది.

బ్యాగు: వాడకం ఎక్కువ, కనిపించడం తక్కువ

రంగు బ్యాగు మీద చాలామందికి మోజు. ఒకసారి కొంటే ప్రతి డ్రెస్ మీదా వాడొచ్చు, నప్పుతుందా లేదా అనే టెన్షన్ లేదు. ఇవన్నీ నిజాలే. కానీ ఆఫీసుకి వెళ్ళగానే డ్రాయర్‌లో పెడతారు, హోటల్లో కుర్చీ వెనక తగిలిస్తారు, రిసెప్షన్‌లో స్టేజ్ ఎక్కి ఫొటో దిగేముందు పక్కవాళ్ళ చేతికిస్తారు. ఆ క్షణంలో మీరు మళ్ళీ తలనుంచి పాదం దాకా నలుపే. బయట తిరిగే పని ఎక్కువ ఉన్నవాళ్ళకి, నడుస్తూ నిలబడి మాట్లాడేవాళ్ళకి, కాలేజీ పిల్లలకి మాత్రం బ్యాగు మంచి ఎంపిక, వాళ్ళ భుజం మీంచి అది దిగదు.

రెండో ఇబ్బంది నాకు అనుభవం మీద తెలిసింది. ఆవపసుపు స్లింగ్ బ్యాగు ఒకటి మోజుపడి కొన్నాను, కొత్త నల్ల కుర్తా మీద రెండు రోజులు వేసుకున్నాను. మూడో రోజు చూస్తే బ్యాగు వెనక వైపు, తుంటికి రాసుకునే చోట, అరచేయంత మేర మసి పూసినట్టు మరక. తడిబట్టతో తుడిచాను, సబ్బు పెట్టాను, పోలేదు. కుర్తా రంగే బ్యాగుకి అంటింది. ముదురు రంగు బట్టల్లో దారానికి పట్టకుండా పైపైన మిగిలిపోయిన రంగు రాపిడికి, చెమటకి ఊడి వస్తుంది. లేత రంగు తోలు, రెక్సిన్ దాన్ని పీల్చుకుంటాయి.

అందుకే లేత రంగు బ్యాగు వేసే ముందు ఈ పని చేయండి. తెల్ల చేతిరుమాలు ఒక మూల తడిపి పిండి, కుర్తా లోపలి కుట్టు దగ్గర ఒకే చోట పదిసార్లు గట్టిగా రుద్దండి. రుమాలు బూడిద రంగుకి మారితే ఆ కుర్తా మీద లేత బ్యాగు వద్దు. రెండు మూడు ఉతుకులు అయ్యాక మళ్ళీ రుద్ది చూడండి. కుర్తాని తిరగేసి, చల్లటి నీళ్ళలో ఉతికి నీడలో ఆరేస్తే వదులుగా ఉన్న రంగు పోతుంది, అసలు నలుపు నిలుస్తుంది. ఈలోగా బ్యాగు కావాలంటే ఎరుపు, రాణీ పింక్ లాంటి గట్టి రంగులు తీసుకోండి, వాటి మీద మరక అంతగా తెలియదు.

రెక్సిన్ బ్యాగుల పైపొర తేమకి పాడవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఊళ్ళలో బీరువాలో దాచినా రెండు మూడేళ్ళకి పొట్టులా లేవడం మామూలే. రంగు బ్యాగు పొట్టు లేస్తే కింద తెల్ల గుడ్డ కనిపిస్తుంది, నలుపు పక్కన అది ఇంకా కొట్టొచ్చినట్టుంటుంది. అదే డబ్బుకి గట్టి ఇక్కత్ గుడ్డ బ్యాగు వస్తే నేను అదే తీసుకుంటాను, మాసినా ఉతుక్కోవచ్చు.

చున్నీ, స్లింగ్ బ్యాగు రెండూ ఒకేసారి వద్దు. బ్యాగు పట్టీ చున్నీని నలిపి, భుజం మీంచి లాగేస్తుంది. చున్నీ వేసుకున్న రోజు చేత్తో పట్టుకునే నల్ల బ్యాగే సరైనది.

ఎవరికి ఏది

రోజూ బండి మీద వెళ్ళి డెస్క్ దగ్గర కూర్చునేవాళ్ళకి కమ్మలు. క్లాసులో నిలబడి పాఠం చెప్పే టీచర్‌కి చున్నీ, చివరి బెంచీ దాకా కనిపించేది అదే. సుద్దపొడి నలుపు మీద తెల్లగా పడే చోటని కూడా అది కప్పుతుంది. చంటిపిల్లల తల్లులు కమ్మలూ దండా కాసేపు పక్కన పెట్టేయాలి, పిల్లలు లాగుతారు. వాళ్ళకి మెత్తటి కాటన్ చున్నీ అన్ని విధాలా పనికొస్తుంది. నల్ల చీర కట్టుకునేవాళ్ళకి చున్నీ లేదు కాబట్టి ఆ ఒక్క రంగుని జాకెట్టుకి ఇవ్వడం అన్నిటికంటే బాగుంటుంది, కాకపోతే అది వేరే కథ.

పెళ్ళి ముహూర్తానికి మాత్రం ఏ రంగు జోడించినా నలుపు నలుపే. పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో అక్షతలు వేసే వేళకి నల్ల డ్రెస్‌తో వెళ్ళి, ఎర్ర చున్నీ ఉందిగా అంటే వాళ్ళు ఒప్పుకోరు, వాళ్ళని నొప్పించడం నాకూ ఇష్టం లేదు. రిసెప్షన్ అయితే ఇప్పుడు ఎవరూ ఏమీ అనడం లేదు.

మా వదిన ఏం చేసిందంటే

తన లెక్క ఇలా వేశాం. పొద్దున మెట్రో, రోజంతా డెస్క్, సాయంత్రం హాలు, పసుపు లైట్లు. కుర్తా, ప్యాంటు ఒకే సెట్, కలిపే ఉతికింది కాబట్టి నలుపులు కలిశాయి, కాస్త గోధుమకి దిగాయి. ఒంటి మీద నల్లపూసలు, బంగారం. కాబట్టి ఎరుపు గానీ ఆవపసుపు గానీ. వదిన రంగు చామనఛాయ, ఎరుపు వేసుకుంటే ముఖం కళకళలాడుతుంది.

బ్యాగుని లెక్కలోంచి ముందే తీసేశాం, ఆఫీసులో డ్రాయర్‌లో, హాల్లో అన్నయ్య చేతిలో ఉంటుంది. చున్నీయా కమ్మలా అన్న దగ్గర కాసేపు ఆగాం. పగలంతా కమ్మలు చాలు, కానీ రిసెప్షన్‌లో నిలబడి ఫొటోలు దిగాలి, గ్రూప్ ఫొటోలో కమ్మలు కనపడవు. తేలియా చూసింది గానీ అసలైన నేత తన రెండు వేలకి రాలేదు. చివరికి 1,400 రూపాయలకి ఎర్ర మంగళగిరి చున్నీ తీసుకుంది. కుర్తా సంచిలో పట్టుకెళ్ళమన్నాను, షాపు బయట ఎండలోకి తెచ్చి రెండు ఎరుపుల్లో కాస్త నారింజ వైపున్నది ఏరుకుంది. ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి చూస్తే రెండో ఎరుపు కుర్తాలో సగం కలిసిపోయిందట.

చున్నీని మడత పెట్టి టిఫిన్ బ్యాగులో వేసుకుంది. పొద్దునంతా చిన్న బంగారు కమ్మలతో, నల్ల డ్రెస్‌లోనే పనిచేసింది. ఆరింటికి వాష్‌రూమ్‌లో చున్నీ తీసి, ఎడమ భుజం మీద నిలువు మడతలు పెట్టి, కుర్తా లోపలి వైపు నుంచి ఒక పిన్ను పెట్టుకుంది. ఎర్ర బొట్టు ఎలాగూ ఉంది. మర్నాడు ఫొటోలు పంపింది. పదిహేను మంది ఉన్న ఫొటోలో, జిగేలుమనే పట్టుచీరల మధ్య, నా చూపు ముందు వదిన మీదకే వెళ్ళింది. మిగిలిన ఆరు వందలతో ఎర్ర సిల్క్ థ్రెడ్ బుట్టలు ఒక జత కొనుక్కుంది, చున్నీ వేసుకోని రోజుల కోసం.